వెడల్పాటి గది ఫోటోలో మొక్క, ల్యాంప్ అతికించేటప్పుడు సైజు, పర్‌స్పెక్టివ్ సరిచేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కింద చెప్పే లెక్కలన్నీ ఒకే ఫోటో మీద. ఫుల్ ఫ్రేమ్ కెమెరా, 18 ఎంఎం లెన్స్, కెమెరా నేల నుంచి 120 సెం.మీ. ఎత్తులో ట్రైపాడ్ మీద సమంగా ఉంది. ఫోటో సైజు 6000 × 4000 పిక్సెల్స్, ఎక్కడా క్రాప్ చేయలేదు. అతికించాల్సింది 150 సెం.మీ. ఎత్తున్న స్టాండ్ ల్యాంప్. దాని షేడ్ వెడల్పు 40 సెం.మీ., షేడ్ ఎత్తు 30 సెం.మీ., నేల మీద ఆనే గుండ్రటి దిమ్మె వెడల్పు 30 సెం.మీ. గది కుడివైపు పెట్టాలి. మొక్క దగ్గర లెక్క మారే చోట మాత్రం విడిగా చెప్పాను.

కంటికి బాగుందనిపించే సైజులో పెడితే సరిపోదా?

మామూలు లెన్స్‌తో తీసిన ఫోటోలో కొంతవరకు సరిపోతుంది. వైడ్ ఫోటోలో మాత్రం నేల చాలా వేగంగా వెనక్కి వెళ్లిపోతుంది, అక్కడే కన్ను మోసపోతుంది.

మన ఫోటోలో ల్యాంప్ అడుగు, ఫోటో పై అంచు నుంచి 3200వ పిక్సెల్ దగ్గర ఉంటే, అది కెమెరాకు ముందు 3 మీటర్ల లోతులో నిలబడినట్టు. అదే అడుగు 2900 దగ్గర ఉంటే 4 మీటర్లు. 2600 దగ్గరైతే ఏకంగా 6 మీటర్లు. ఈ మూడు చోట్లా అదే ల్యాంప్ ఎత్తు వరుసగా 1500, 1125, 750 పిక్సెల్స్ ఉండాలి. అంటే లేయర్‌ను 300 పిక్సెల్స్ పైకి జరిపితే ఎత్తు నాలుగో వంతు తగ్గాలి, ఇంకో 300 జరిపితే మొదటిదాంట్లో సగానికి రావాలి. "కొంచెం వెనక్కి పెడదాం" అని లేయర్‌ను పైకి లాగి సైజు ముట్టుకోకుండా వదిలేస్తే ఆ ల్యాంప్ నాలుగు మీటర్ల దూరంలో రెండు మీటర్ల పొడవున్న వస్తువైపోతుంది. చూసేవాళ్లకు కారణం తెలియకపోయినా ఏదో తేడాగా ఉందని మాత్రం తెలిసిపోతుంది.

అందుకే వరుస ఎప్పుడూ ఇదే: ముందు చోటు ఖాయం చేసుకోవాలి, ఆ తర్వాతే సైజు. చోటు మారిన ప్రతిసారీ సైజు మళ్లీ లెక్కేయాలి.

హొరైజన్ లైన్ అంటారే, నాలుగు గోడల మధ్య అది ఎక్కడుంటుంది?

కెమెరా కన్ను ఎంత ఎత్తులో ఉందో ఆ ఎత్తే హొరైజన్ లైన్. గదిలో ఆ ఎత్తుకు వచ్చే ప్రతి బిందువూ, దగ్గరున్నా దూరమున్నా, ఫోటోలో ఆ గీత మీదే పడుతుంది. మొత్తం పని ఈ ఒక్క విషయం మీద ఆధారపడి ఉంది.

కెమెరా సమంగా ఉండి, ఫోటో క్రాప్ కాకపోతే గీత సరిగ్గా మధ్యలో ఉంటుంది. మన ఫోటోలో 2000వ పిక్సెల్. క్రాప్ అయిందేమో అని అనుమానం ఉంటే ఫోటోలోంచే తీయాలి. లోపలికి వెళ్లే రెండు సమాంతర గీతలు తీసుకోండి: ఎడమవైపు ఒక టైల్ జాయింట్, కుడివైపు అదే దిశలో వెళ్లే ఇంకో జాయింట్. కొత్త లేయర్‌లో లైన్ టూల్‌తో రెండింటినీ పొడిగించండి. అవి కలిసే చోటే వానిషింగ్ పాయింట్. దాని మీదుగా అడ్డంగా గీసిన గీత హొరైజన్. పక్క గోడలు పైకప్పును కలిసే అంచులు కూడా పొడిగించి చూడండి, అవీ అక్కడికే రావాలి. రాకపోతే లెన్స్ వంపు ఇంకా మిగిలి ఉందన్నమాట. ముందు లెన్స్ ప్రొఫైల్ కరెక్షన్ చేసి మళ్లీ గీయండి.

చిన్న గీతలు నమ్మొద్దు. కుర్చీ చేయి లాంటి పొట్టి అంచును పొడిగిస్తే ఒక్క పిక్సెల్ తేడా చివరికి వంద పిక్సెల్స్ అవుతుంది.

సైజు లెక్క ఎలా వేయాలి?

వస్తువు నేల మీద ఆనే చోటు నుంచి హొరైజన్ దాకా ఉన్న పిక్సెల్స్ కెమెరా ఎత్తుకు సమానం. మిగతాదంతా మామూలు నిష్పత్తి.

```
h_px = H × (y_base − y_horizon) ÷ C
```

ఇందులో H వస్తువు అసలు ఎత్తు, C కెమెరా ఎత్తు, రెండూ సెంటీమీటర్లలో. ల్యాంప్ అడుగు 3200 దగ్గర, హొరైజన్ 2000 దగ్గర. మధ్యలో 1200 పిక్సెల్స్, అంటే 120 సెం.మీ. కాబట్టి ఆ చోట సెంటీమీటరుకు 10 పిక్సెల్స్. 150 సెం.మీ. ల్యాంప్‌కు 1500 పిక్సెల్స్. దాని తల 1700వ పిక్సెల్ దగ్గరికి వస్తుంది, హొరైజన్ కన్నా 300 పైన.

ఇక్కడ లెన్స్ ఎన్ని ఎంఎం అనేది అడగనే లేదు, గమనించారా? ఎత్తుకు దాంతో పనిలేదు. వెడల్పు దగ్గర మాత్రం అవసరం పడుతుంది, ఆ సంగతి తర్వాత.

అడుగు అంటే లేయర్‌లో అన్నింటికన్నా కింద ఉన్న పిక్సెలేనా?

కాదు. లెక్కలు తెలిసినవాళ్లు కూడా ఇక్కడే ఎక్కువగా తప్పుతారు. ల్యాంప్ కడ్డీ దిమ్మె మధ్యలో ఉంటుంది. ఎత్తు కొలవాల్సింది ఆ మధ్య బిందువు నుంచి. లేయర్‌లో అట్టడుగున కనిపించేది దిమ్మె ముందు అంచు, అది మనకు 15 సెం.మీ. దగ్గరగా ఉంటుంది.

మన ఫోటోలో దిమ్మె మధ్య బిందువు 3200 దగ్గరుంటే ముందు అంచు సుమారు 3263 దగ్గరికి వస్తుంది. ముందు అంచునే అడుగు అనుకుని లెక్కేస్తే ల్యాంప్ ఐదు శాతం పెద్దదవుతుంది. ల్యాంప్‌కు ఐదు శాతం పెద్ద నష్టం కాదు. కానీ 50 సెం.మీ. వెడల్పున్న కుండీ కెమెరాకు రెండు మీటర్లలోనే ఉంటే తేడా పద్నాలుగు శాతం దాటుతుంది. కుండీ అడుగున ఎలిప్స్ గీసి, దాని మధ్యలో ఒక చుక్క పెట్టుకుని అక్కణ్నుంచే కొలవండి.

కెమెరా ఎంత ఎత్తులో పెట్టారో తెలియదు. ఇప్పుడెలా?

ఫోటోలో ఎత్తు తెలిసిన వస్తువు ఒక్కటి ఉంటే చాలు. తలుపు అన్నింటికన్నా మంచిది, ఎందుకంటే అది హొరైజన్‌ను దాటుకుని పైకి వెళ్తుంది. వెనక గోడలో 210 సెం.మీ. తలుపు ఉందనుకోండి. ఫోటోలో దాని ఎత్తు 1050 పిక్సెల్స్, గడప నుంచి హొరైజన్ దాకా 600. అప్పుడు 210ని 600తో గుణించి 1050తో భాగిస్తే 120. అదే కెమెరా ఎత్తు.

తలుపు లేకపోతే బల్ల (సాధారణంగా 75 సెం.మీ. ప్రాంతం), కుర్చీ సీటు (45 ప్రాంతం) వాడొచ్చు. కాకపోతే వస్తువు పొట్టిదైన కొద్దీ కొలతలో తప్పు పెరుగుతుంది. సీటు ఎత్తును మూడు సెంటీమీటర్లు తప్పుగా ఊహించారంటే కెమెరా ఎత్తు ఎనిమిది సెంటీమీటర్లు మారిపోతుంది. అందుకని రెండు వస్తువులతో కొలిచి పోల్చండి. రెండు జవాబులూ దగ్గరగా వస్తే నమ్మండి.

గది ఫోటోలు చాలావరకు 110 నుంచి 140 సెం.మీ. మధ్యలో తీస్తారు. మీ లెక్క 190 అని వస్తే కెమెరా కన్నా ముందు మీ హొరైజన్ లైన్‌ను అనుమానించండి.

గోడలు పైకి పోయేకొద్దీ లోపలికి వాలుతున్నాయి. ఈ లెక్క పనిచేస్తుందా?

అలా వాలాయంటే కెమెరా పైకి ఎత్తి తీశారు. బయటికి విచ్చుకుంటే కిందికి వంచి తీశారు. ఈ స్థితిలో పై సూత్రం సరిగ్గా పనిచేయదు, ల్యాంప్ కడ్డీని కూడా గోడతో పాటు వాల్చాల్సి వస్తుంది. అంత తంటా ఎందుకు? ముందు గది ఫోటోనే నిటారు చేయండి. Lightroom లో Upright కింద Vertical నొక్కితే చాలాసార్లు సరిపోతుంది, లేదంటే Guided తీసుకుని రెండు గోడ అంచుల మీద గీతలు లాగండి. ఆ తర్వాతే అతికించే పని మొదలుపెట్టండి.

నిటారు చేశాక హొరైజన్ మధ్యలో ఉండదు, పైకో కిందికో జరిగి ఉంటుంది. దాన్ని టైల్ జాయింట్లతో మళ్లీ కనుక్కోవాలి. అలాగే ఈ సర్దుబాటు కొన్నిసార్లు ఫోటోను నిలువుగా సాగదీస్తుంది. గోడ మీద గుండ్రటి గడియారమో, చదరపు స్విచ్ బోర్డో ఉంటే దాని ఆకారం చెడిందేమో చూసుకోండి.

ఎత్తు సరిగ్గా ఉంది, అయినా ల్యాంప్ పక్కనున్న సోఫా కన్నా సన్నగా, పరాయిగా కనిపిస్తోంది. ఎందుకు?

వైడ్ లెన్స్ అంచుల దగ్గర గుండ్రటి వస్తువుల్ని పక్కకు సాగదీస్తుంది. అది లోపం కాదు, గీతలు వంకర పోకుండా తిన్నగా ఉంచడానికి లెన్స్ చెల్లించే మూల్యం. ఫోటోలో ఉన్న సోఫా దిండు, గుండ్రటి స్టూలు అన్నీ ఆ సాగుడు సాగి ఉన్నాయి. మీరు తెచ్చిన ల్యాంప్‌ను దాని ఫోటోలో నడిమధ్యన పెట్టి తీశారు కాబట్టి దానికి ఆ సాగుడు లేదు. అందుకే అది ఒక్కటే వేరే గదిలోంచి వచ్చినట్టు ఉంటుంది.

ఎంత సాగాలో లెక్క కట్టొచ్చు. ముందు లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ను పిక్సెల్స్‌లోకి మార్చాలి. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ వెడల్పు 36 ఎంఎం, కాబట్టి 18ని 36తో భాగించి 6000తో గుణిస్తే 3000 పిక్సెల్స్. వస్తువు ఫోటో మధ్య నుంచి అడ్డంగా ఎంత దూరంలో ఉందో అది x.

```
f_px = 18 ÷ 36 × 6000 = 3000
k = √(1 + (x ÷ f_px)²)
```

మన ల్యాంప్ కడ్డీ 5250వ పిక్సెల్ దగ్గర ఉంది, అంటే మధ్య నుంచి 2250 దూరం. 2250 ÷ 3000 = 0.75. దాంతో k = 1.25. ఎత్తు 1500 పిక్సెల్స్ అలాగే ఉంచి వెడల్పును మాత్రమే 125 శాతం చేయాలి. 400 పిక్సెల్స్ ఉండాల్సిన షేడ్ 500 అవుతుంది. Photoshop లో Ctrl+T కొట్టి, పైన W, H మధ్యనున్న గొలుసు గుర్తు తీసేసి W లో కనిపించే శాతాన్ని 1.25తో గుణించి టైప్ చేస్తే అయిపోతుంది.

ఫోటో మధ్య భాగంలో ఈ బాధ లేదు. మధ్య నుంచి 600 పిక్సెల్స్ లోపు ఉంటే సాగుడు రెండు శాతమే, వదిలేయొచ్చు. అదే అంచుకు ఆనుకుని ఉంటే 41 శాతం. అందుకే నేనైతే వీలున్నంతవరకు అతికించే వస్తువును చివరి ఆరో వంతులో పెట్టను. నిజంగా అక్కడే నిలబెట్టి తీసినా వికారంగానే ఉండేది.

ఫోటో EXIF వివరాలు పోయాయి, ఎన్ని ఎంఎం అన్నది తెలియదు.

నేల మీద చదరపు టైల్స్ ఉండి, గది వెనక గోడ కెమెరాకు ఎదురుగా సమంగా ఉంటే ఒక మంచి దారి ఉంది. లోపలికి వెళ్లే జాయింట్లన్నీ హొరైజన్ మీద ఒకచోట కలుస్తాయి. ఇప్పుడు ఒక టైల్ మూల నుంచి ఎదురు మూలకు ఐమూలగా గీత గీసి హొరైజన్ దాకా పొడిగించండి. ఒక్క టైల్‌కు బదులు నాలుగు టైల్స్ అటూ, నాలుగు ఇటూ ఉన్న పెద్ద చదరానికి గీస్తే ఇంకా కచ్చితంగా వస్తుంది. ఆ గీత హొరైజన్‌ను తాకిన చోటుకూ, జాయింట్లు కలిసిన చోటుకూ మధ్య దూరమే f_px. మన ఫోటోలో అది 3000, సరిగ్గా ఫ్రేమ్ అంచు దగ్గర పడుతుంది. ఎక్కువ ఫోటోల్లో అది ఫ్రేమ్ బయట పడుతుంది, కాబట్టి కాన్వాస్ వెడల్పు పెంచుకుని గీయండి.

ఫోన్ ఫోటో అయితే, అందులో చెప్పే "సమానమైన ఫోకల్ లెంగ్త్" సాధారణంగా ఐమూల కొలతకు సంబంధించింది. అప్పుడు 36 బదులు 43.3తో భాగించి, ఫోటో వెడల్పు బదులు ఐమూల పిక్సెల్స్‌తో గుణించాలి.

షేడ్ అంచులు, కుండీ మూతి ఎంత గుండ్రంగా కనిపించాలి?

పర్‌స్పెక్టివ్ తప్పు నిజంగా దొరికిపోయేది ఇక్కడే. గుండ్రటి అంచు హొరైజన్ ఎత్తులో ఉంటే సన్నటి గీతలా కనిపిస్తుంది. దానికి కిందుంటే పైనుంచి చూస్తున్నట్టు విచ్చుకుంటుంది, పైనుంటే కిందినుంచి చూస్తున్నట్టు. హొరైజన్‌కు దూరమయ్యేకొద్దీ ఎక్కువ విచ్చుకుంటుంది.

మన ల్యాంప్ షేడ్ 120 నుంచి 150 సెం.మీ. దాకా ఉంది. షేడ్ కింది అంచు సరిగ్గా కెమెరా ఎత్తులో పడింది, కాబట్టి ఫోటోలో అది 2000వ పిక్సెల్ మీద దాదాపు అడ్డగీతలా ఉండాలి. షేడ్ లోపల బల్బు అస్సలు కనిపించకూడదు. మీ దగ్గరున్న ల్యాంప్ ఫోటోలో షేడ్ అడుగు తెరుచుకుని బల్బు కనిపిస్తోందంటే దాన్ని కింద కూర్చుని తీశారు. ఇక్కడ పనికిరాదు.

ఎలిప్స్ ఎంత విచ్చుకోవాలో కూడా చెప్పొచ్చు: కెమెరాకూ ఆ అంచుకూ ఉన్న ఎత్తు తేడాను మధ్యనున్న దూరంతో భాగించాలి. ల్యాంప్ 3 మీటర్లు ముందుకు, 2.25 మీటర్లు కుడికి ఉంది కాబట్టి నేల మీద దూరం 3.75 మీటర్లు. దిమ్మెకు ఎత్తు తేడా 120, 120 ÷ 375 = 0.32. వెడల్పు 300 ఉంటే లోతు 96 పిక్సెల్స్. షేడ్ పై అంచుకు ఎత్తు తేడా 30 మాత్రమే, 30 ÷ 375 = 0.08. వెడల్పు 400 ఉంటే లోతు 32. వెడల్పును 125 శాతం చేశాక ఇవి 375 × 96, 500 × 32 అవుతాయి.

ఇంకొక్క మెట్టు ఉంది, దాన్ని దాదాపు అందరూ మర్చిపోతారు. పక్కకున్న ఎలిప్స్ కాస్త ఒరిగి ఉంటుంది. హొరైజన్‌కు కిందున్న వాటి బయటి కొస కిందికి వాలుతుంది, పైనున్న వాటి బయటి కొస పైకి లేస్తుంది. మన ల్యాంప్ దిమ్మె కుడి కొస సుమారు 12 డిగ్రీలు కిందికి వాలాలి. షేడ్ పై అంచు కుడి కొస 3 డిగ్రీలు పైకి లేవాలి. హొరైజన్ మీదున్న కింది అంచుకు వాలు ఉండదు. దిమ్మెను మాత్రమే సెలెక్ట్ చేసి వేరే లేయర్‌లోకి కాపీ చేసి 12 డిగ్రీలు తిప్పండి, కడ్డీ కలిసే చోట మాస్క్‌తో సర్దండి. షేడ్‌కు Warp లో పై కుడి మూల పట్టుకుని కొద్దిగా పైకి, పై ఎడమ మూల కొద్దిగా కిందికి లాగితే చాలు. అనుమానంగా ఉంటే అదే ఫోటోలో అంచు దగ్గరున్న స్టూలునో గిన్నెనో జూమ్ చేసి చూడండి, అదే వాలు కనిపిస్తుంది.

Perspective, Distort టూల్స్‌తో లాగితే పోదా? Vanishing Point ఫిల్టర్ కూడా ఉందిగా?

అవి చదునైన వాటికి: కార్పెట్, గోడ మీద పటం, పోస్టర్. ల్యాంప్, మొక్క చదునైనవి కావు. వాటిని Vanishing Point లో గోడ దిశకు అతికిస్తే అట్టబొమ్మను గోడ వారగా నిలబెట్టినట్టు అవుతుంది. Perspective తో పైభాగాన్ని ఇరుకు చేస్తే ఇంకా దారుణం. గది గోడలు నిటారుగా ఉన్నప్పుడు ల్యాంప్ కడ్డీ కూడా నిటారుగానే ఉండాలి, ఎంత అంచున ఉన్నా సరే.

ఈ పనికి కావాల్సినవి సమానంగా స్కేల్ చేయడం, వెడల్పు సాగదీయడం, గుండ్రటి అంచులకు కాస్త వార్ప్. అంతే. మొదలుపెట్టే ముందు లేయర్‌ను Smart Object చేసుకుంటే ఎన్నిసార్లు సైజు మార్చినా పిక్సెల్స్ పాడవవు.

గుండ్రటి బంతిలాంటి గాజు ల్యాంప్ ఒక్కటి వేరు. అది అడ్డంగా కాకుండా, కెమెరా చూస్తున్న నడి బిందువు నుంచి బయటికి వెళ్లే దిశలో సాగుతుంది. పై మూలలో ఉంటే ఐమూలగా సాగాలి.

బల్ల మీద పెట్టే చిన్న కుండీకి, పైనుంచి వేలాడే ల్యాంప్‌కు లెక్క ఎలా?

సూత్రం అదే, C మారుతుంది. బల్ల ఎత్తు 75 సెం.మీ. అయితే, బల్ల పైభాగం నుంచి హొరైజన్ దాకా ఉన్న పిక్సెల్స్ 120 − 75 = 45 సెం.మీ.కు సమానం. బల్ల మీద కుండీ ఆనే చోటు హొరైజన్‌కు 360 పిక్సెల్స్ కింద ఉందంటే సెంటీమీటరుకు 8 పిక్సెల్స్. 30 సెం.మీ. మొక్కకు 240.

వేలాడే ల్యాంప్‌కు పైకప్పు నుంచి కిందికి రావాలి. పైకప్పు 280 సెం.మీ. ఉంటే హొరైజన్ నుంచి పైకప్పు మీది కొక్కెం దాకా 160 సెం.మీ. అక్కడ చిక్కు ఒక్కటే: కొక్కెం పైకప్పు మీద ఏ చోట ఉందో కంటితో చెప్పడం కష్టం. డైనింగ్ బల్ల నడిమికి సరిగ్గా పైన రావాలంటే, బల్ల నడిమి నుంచి నిలువుగా పైకి గీత గీయండి. ఆ బల్ల లోతులో సెంటీమీటరుకు ఎన్ని పిక్సెల్సో ముందే తెలుసు కాబట్టి, హొరైజన్ నుంచి 160 సెంటీమీటర్లకు తగ్గ పిక్సెల్స్ ఆ గీత మీద పైకి కొలిస్తే కొక్కెం అక్కడే. పిక్సెల్స్ ఫ్రేమ్ దాటిపోతే కొక్కెం ఫోటోలో కనిపించదు, తీగ పై అంచులోంచి దిగితే చాలు.

చిన్న మొక్క ఫోటో ఉంది. పెద్దది చేసి మూలలో నిలబెట్టొచ్చా?

ఎత్తు లెక్క సరిపోయినా మొక్క ఒప్పుకోదు. ల్యాంప్ ఏ సైజులోనైనా ఉండొచ్చు గానీ ఆకు సైజు అందరికీ తెలుసు. అరచేతి కన్నా చిన్న ఆకులున్న 30 సెం.మీ. మనీ ప్లాంట్‌ను నాలుగు రెట్లు చేస్తే ఆకులు భోజనం ప్లేట్లంత అవుతాయి, మట్టిలో గులకరాళ్లు గుండ్రాళ్లవుతాయి. అప్పుడు చూసేవాడి కన్ను మొక్కను నమ్మి గదిని అనుమానిస్తుంది, గది బొమ్మరిల్లులా చిన్నదైపోతుంది. ఇరవై శాతం అటూఇటూ మార్చొచ్చు, అంతకు మించితే ఆ ఎత్తులో పెరిగే మొక్క ఫోటోనే వెతుక్కోండి.

మొక్కలో ఒక సౌకర్యం కూడా ఉంది. ఆకులు ఏ కోణంలోనైనా ఉంటాయి కాబట్టి పర్‌స్పెక్టివ్ తప్పు వాటిలో దాదాపు కనపడదు. తప్పంతా కుండీలోనే బయటపడుతుంది. కాబట్టి మొక్క బాగుండి కుండీ కోణం కుదరకపోతే కుండీని కోసేసి, సరైన కోణంలో తీసిన వేరే కుండీలో పెట్టండి. మూతి దగ్గర నాలుగు ఆకులు కిందికి వేలాడేలా ఉంచితే అతుకు కనపడదు.

ల్యాంప్‌ను నేనే ఫోటో తీసుకునే వీలుంది. ఎలా తీస్తే ఈ గొడవంతా తగ్గుతుంది?

రెండు కొలతలు గదితో కలిస్తే చాలు: కెమెరా ఎత్తు, దూరం. మనకు కావాల్సింది 120 సెం.మీ. ఎత్తు, 3.75 మీటర్ల దూరం. పర్‌స్పెక్టివ్‌ను నిర్ణయించేది దూరమే, లెన్స్ కాదు. కాబట్టి అక్కణ్నుంచి జూమ్ చేసి ల్యాంప్‌ను ఫ్రేమ్ నిండా తీసుకోండి, కెమెరా మాత్రం పైకీ కిందికీ వంచొద్దు. ఇలా తీసిన దానికి ఎలిప్స్‌లన్నీ సరిగ్గా విచ్చుకుని ఉంటాయి. స్కేల్ చేసి, 125 శాతం సాగదీసి, అంచులు కాస్త వాలిస్తే పని అయిపోతుంది.

అదే 18 ఎంఎం లెన్స్‌తో, ల్యాంప్‌ను ఫ్రేమ్‌లో అదే కుడి చోట ఉంచి తీస్తే సాగుడు, వాలు రెండూ వాటంతటవే వస్తాయి. ఇక ఏమీ లాగక్కర్లేదు. కాకపోతే ల్యాంప్ తక్కువ పిక్సెల్స్‌లో వస్తుంది, అది పెద్ద సమస్య కాదు, ఎలాగూ అదే సైజులో పెట్టాలి.

నిలబడి, మీటరున్నర దూరం నుంచి, కిందికి వంచి తీసిన ఫోన్ ఫోటోలు మాత్రం ఏం చేసినా కుదరవు. 40 సెం.మీ. ఎత్తున్న కుండీ మూతి అందులో 0.6 పైనే తెరుచుకుని లోపలి మట్టంతా కనిపిస్తుంది. మన గదిలో ఆ చోట అది 0.21 మాత్రమే ఉండాలి. కనిపించిన మట్టిని ఏ ట్రాన్స్‌ఫామూ దాచలేదు.

గది పెద్దదిగా కనిపించాలని, ల్యాంప్‌ను కొంచెం చిన్నది చేయమని క్లయింట్ అడుగుతున్నారు.

పనిచేస్తుంది, అదే బాధ. ల్యాంప్‌ను పదిహేను శాతం తగ్గిస్తే గది అంత పెద్దదిగా అనిపిస్తుంది. అద్దెకో అమ్మకానికో పెట్టే ఫోటో అయితే నేను చేయను, గది చూడ్డానికి వచ్చినవాళ్లకు మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. పైగా పక్కనే తలుపు ఉంటే ఫోటోలోనే పట్టుబడతారు. పొట్టి ల్యాంప్ కావాలంటే నిజంగా పొట్టిగా ఉండే మోడల్‌నే ఎంచుకుని దాని అసలు కొలతతో పెట్టండి.

లెక్కలన్నీ కుదిరాయి, అయినా గాల్లో తేలుతున్నట్టు ఉంది.

నేలను తాకే చోట నీడ లేదు. గదిలో మిగతా కాళ్ల కింద చూడండి: సోఫా కాలు నేలను ఆనే చోట సన్నగా, బాగా నల్లగా ఒక గీత ఉంటుంది, దాని చుట్టూ మెత్తటి నీడ. దిమ్మె కింద కొత్త లేయర్‌లో అదే 12 డిగ్రీల వాలుతో ఒక ఎలిప్స్ వేసి, Multiply లో పెట్టి, అంచు మాత్రం రెండు మూడు పిక్సెల్స్ బ్లర్ చేయండి. దాని కింద ఇంకో పెద్ద ఎలిప్స్, నలభై యాభై పిక్సెల్స్ బ్లర్‌తో, పలచగా. నీడ ఎటు పడాలో సోఫా నీడే చెబుతుంది.

రెండోది పదును. పెద్ద ఫోటోను చిన్నది చేసి అతికించినప్పుడు ల్యాంప్ చుట్టూ ఉన్నవాటి కన్నా కత్తిలా పదునుగా ఉంటుంది. వైడ్ లెన్స్ అంచుల్లో గది ఎలాగూ కాస్త మెత్తగా ఉంటుంది. 100% జూమ్‌లో ల్యాంప్ కడ్డీ అంచును పక్కనున్న సోఫా అంచుతో పోల్చి, సరిపోయేదాకా అర పిక్సెల్ నుంచి ఒక పిక్సెల్ బ్లర్ ఇవ్వండి.

నేల మెరిసే టైల్స్ అయితే ప్రతిబింబం కూడా కావాలి. అడుగు నుంచి కిందికి, అదే లోతులో అదే 1500 పిక్సెల్స్ పొడవు. మన ఫోటోలో అడుగు కింద 800 పిక్సెల్సే మిగిలాయి కాబట్టి కడ్డీ మాత్రమే ప్రతిబింబిస్తుంది, షేడ్ ఫ్రేమ్ బయటే ఉండిపోతుంది. షేడ్ కూడా కనిపించే ఫోటో అయితే లేయర్‌ను తలకిందులు చేసి వదిలేయకండి. నేలలో కనిపించేది షేడ్ అడుగుభాగం, అక్కడ బల్బు వెలుగు కనిపించాలి.